డివిడెండ్ ప్రకటించిన రోజు ఒక ఎంట్రీ, చెల్లించిన రోజు ఇంకో ఎంట్రీ: టీడీఎస్ ఏ తేదీన రాయాలి?

నిరుడు అక్టోబర్ 6 సాయంత్రం పలాస నుంచి ఒక అకౌంటెంట్ కుర్రాడు ఫోన్ చేశాడు. అక్కడ జీడిపప్పు ప్రాసెసింగ్ చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో పని. "సార్, సెప్టెంబర్ టీడీఎస్ రేపు 7వ తేదీ లోపు కట్టాలి. రేపు మీ విజయనగరంలో సిరిమాను ఉత్సవం. బ్యాంకు అప్రూవల్ ఇవ్వాల్సిన ఎండీ గారు తెల్లారగానే అక్కడికే బయల్దేరతారంట. ఫోన్ ఎత్తరు" అని ఒకటే టెన్షన్.

దేని మీద టీడీఎస్ అంటే, డివిడెండ్ మీద అన్నాడు. డివిడెండ్ ఎప్పుడు ఇచ్చారని అడిగాను. "ఇంకా ఇవ్వలేదు సార్, సెప్టెంబర్ 22న మీటింగ్‌లో డిక్లేర్ చేశాం" అన్నాడు. వెనక నుంచి ఎండీ గారి గొంతు వినిపించింది: "ఇంకా రూపాయి ఎవలికీ ఇవ్వనేదు గదా బాబూ, టేక్స్ ఏటి కట్టేస్తన్నావు?"

అకౌంట్స్ చదవని ఆయన అడిగిన ప్రశ్నే ఇక్కడ సరైన ప్రశ్న. అలాంటి ఫోన్లు ఏటా సెప్టెంబర్, అక్టోబర్‌లలో వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ కంపెనీ లెక్కనే మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. అంకెలు, కొన్ని వివరాలు మార్చాను.

## 1. ముందు తేదీలు కాగితం మీద రాసుకోండి

వోచర్ తెరవక ముందే ఈ తేదీలు ఒకచోట రాయండి. సగం తప్పులు ఇవి కలగాపులగం కావడం వల్లే వస్తాయి.

- బోర్డు సిఫారసు: 2025 ఆగస్టు 25
- వార్షిక సర్వసభ్య సమావేశంలో ప్రకటన: 2025 సెప్టెంబర్ 22
- చెల్లింపు: 2025 అక్టోబర్ 10
- ప్రకటన నుంచి 30 రోజుల గడువు: 2025 అక్టోబర్ 22
- అక్టోబర్‌లో కోసిన టీడీఎస్ కట్టడానికి గడువు: 2025 నవంబర్ 7

బోర్డు సిఫారసు చేసిన రోజు ఎంట్రీ ఏమీ ఉండదు. అది సలహా మాత్రమే, సభ్యులు ఒప్పుకుంటేనే అప్పు పుడుతుంది. డివిడెండ్ 2024-25 లాభంలోంచే ఇస్తున్నా, ప్రకటన సెప్టెంబర్‌లో జరిగింది. కాబట్టి 2025 మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో దాన్ని అప్పుగా చూపకూడదు, నోట్స్‌లో ఒక మాట చెబితే చాలు. ఎంట్రీ 2025-26 పుస్తకాల్లోనే పడుతుంది.

## 2. ప్రకటన రోజు: పూర్తి మొత్తం, పన్ను ఊసు లేకుండా

కంపెనీకి 10 రూపాయల షేర్లు 4,00,000 ఉన్నాయి. 15 శాతం డివిడెండ్, అంటే షేరుకు 1.50 రూపాయలు. మొత్తం 6,00,000 రూపాయలు.

సెప్టెంబర్ 22 తేదీతో జర్నల్ (ట్యాలీలో F7):

- డెబిట్: రిజర్వ్స్ అండ్ సర్‌ప్లస్, 6,00,000
- క్రెడిట్: డివిడెండ్ పేయబుల్, 6,00,000

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. మొదటిది, డివిడెండ్ ఖర్చు కాదు. జీతాలు, కరెంటు బిల్లుల పక్కన దీన్ని రాస్తే లాభం తప్పుగా తగ్గిపోతుంది. మిగిలిన లాభంలోంచి పంచుతున్నాం కాబట్టి నేరుగా సర్‌ప్లస్ నుంచే తీయాలి.

రెండోది, టీడీఎస్. అద్దె, కాంట్రాక్టు బిల్లు, ప్రొఫెషనల్ ఫీజు లాంటి వాటికి పార్టీ ఖాతాకు క్రెడిట్ చేసిన రోజు, చెల్లించిన రోజు, ఈ రెండిట్లో ఏది ముందైతే ఆ రోజు పన్ను కోయాలి. మన కుర్రాడి చేతికి ఆ అలవాటే ఉంది. డివిడెండ్‌కు అప్పుడు వర్తించిన పాత ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194 అలా రాయలేదు. చెల్లించే ముందు, లేదా షేర్‌హోల్డర్‌కు పంచే ముందు కోయమంది. ప్రకటన రోజు ఎవరి చేతికీ డబ్బు వెళ్లలేదు కాబట్టి ఆ రోజు కోత లేదు. ఎండీ గారు అడిగిందీ ఇదే.

కుర్రాడు ఏం చేశాడంటే, ప్రకటన రోజే 10 శాతం లెక్కన 60,000 టీడీఎస్ పేయబుల్‌కు, మిగతా 5,40,000 డివిడెండ్ పేయబుల్‌కు క్రెడిట్ చేశాడు. కంపెనీ సభ్యులకు ప్రకటించింది 6,00,000. సెప్టెంబర్ 22 సాయంత్రం లెడ్జర్ కూడా అదే మాట చెప్పాలి.

## 3. ఐదు రోజుల్లో వేరే బ్యాంకు ఖాతా

కంపెనీల చట్టం సెక్షన్ 123 ప్రకారం ప్రకటించిన డివిడెండ్ మొత్తాన్ని ఐదు రోజుల లోపు షెడ్యూల్డ్ బ్యాంకులో విడి ఖాతాలో వేయాలి. "మాది ఇంటి కంపెనీ, నలుగురమే కదా" అని దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ప్రైవేట్ కంపెనీకైనా ఇది తప్పదు.

సెప్టెంబర్ 22 నుంచి ఐదు రోజులంటే 27. ఆ రోజు నాలుగో శనివారం, బ్యాంకులకు సెలవు. ఖాతా తెరవడానికి తీర్మానం కాపీ, సంతకాలు, బ్రాంచిలో పని, అన్నీ ఉంటాయి కాబట్టి మీటింగ్‌కు ముందే ఆ పని మొదలుపెట్టాలి. ఇక్కడ సెప్టెంబర్ 25న డబ్బు మారింది.

సెప్టెంబర్ 25, కాంట్రా (F4):

- డెబిట్: డివిడెండ్ బ్యాంకు ఖాతా, 6,00,000
- క్రెడిట్: కరెంటు ఖాతా, 6,00,000

పన్ను పోను నికర మొత్తం వేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. కోసే పన్ను కూడా డివిడెండ్‌లో భాగమే. పూర్తి మొత్తం వేసి, తర్వాత టీడీఎస్‌ను కూడా ఇదే ఖాతా నుంచి కడితే ఖాతా చివరికి సున్నాకు దిగుతుంది. మన లెక్క సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి అంతకంటే సులువైన పరీక్ష లేదు. కుర్రాడి పుస్తకం తప్పినా, తీర్మానం చూసి బ్యాంకులో పూర్తి ఆరు లక్షలే వేశాడు. అది మంచిదైంది.

## 4. రెండు తేదీల మధ్య అసలు పని

సెప్టెంబర్ 22కీ అక్టోబర్ 10కీ మధ్య ఉన్న రోజులు ఊరికే పోనివ్వకండి. ఎవరికి ఎంత కోయాలన్నది ఈ రోజుల్లో చేతికి వచ్చే కాగితాలే తేలుస్తాయి. అందుకే ప్రకటన రోజు టీడీఎస్ రాసేస్తే తేదీతో పాటు అంకె కూడా తప్పుతుంది.

సేకరించాల్సినవి:

- ప్రతి షేర్‌హోల్డర్ పాన్, అది ఆధార్‌తో లింకై పనిచేస్తోందా లేదా
- ఈ ఆర్థిక సంవత్సరంలో ఇదివరకే ఇచ్చిన ఇంటెరిమ్ డివిడెండ్ ఏమైనా ఉంటే ఆ మొత్తం
- పన్ను పడని వాళ్ల నుంచి డిక్లరేషన్: 60 ఏళ్లు దాటితే 15హెచ్, లోపైతే 15జీ
- ప్రస్తుతం నడుస్తున్న బ్యాంకు ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ
- ఎవరైనా విదేశంలో ఉంటున్నారా (ఉంటే వాళ్లకు సెక్షన్ 195, రేటు వేరు, ఆ లెక్క విడిగా చేయాలి)

మనదేశంలో ఉండేవాళ్లకు రేటు 10 శాతం. దాని మీద సర్‌చార్జి, సెస్సు కలపకూడదు. వ్యక్తికి ఏడాది మొత్తంలో డివిడెండ్ 10,000 రూపాయలు దాటకపోతే కోత లేదు. 2025-26కు ముందు ఈ పరిమితి 5,000 ఉండేది, పాత ఎక్సెల్ షీట్లలో ఇంకా అదే కనిపిస్తుంది. దాటితే మాత్రం పది వేల పైన ఉన్న భాగం మీద కాదు, మొత్తం డివిడెండ్ మీద కోయాలి. ఈ పరిమితి వ్యక్తులకే. షేర్‌హోల్డర్ ఇంకో కంపెనీ అయితే మొదటి రూపాయి నుంచే కోత.

మన కంపెనీలో ఐదుగురు:

| షేర్‌హోల్డర్ | షేర్లు | డివిడెండ్ | టీడీఎస్ | చేతికి |
|---|---|---|---|---|
| ఎండీ | 2,00,000 | 3,00,000 | 30,000 | 2,70,000 |
| తమ్ముడు | 1,20,000 | 1,80,000 | 18,000 | 1,62,000 |
| తల్లి | 60,000 | 90,000 | 0 | 90,000 |
| బావమరిది | 16,000 | 24,000 | 4,800 | 19,200 |
| పాత మేస్త్రీ | 4,000 | 6,000 | 0 | 6,000 |
| మొత్తం | 4,00,000 | 6,00,000 | 52,800 | 5,47,200 |

తల్లిగారికి 72 ఏళ్లు, మొత్తం ఆదాయం మీద పన్ను రాదు. ఆవిడ 15హెచ్ మీద సంతకం చేసింది అక్టోబర్ 3న, దసరా మర్నాడు. కుర్రాడు సెప్టెంబర్ 22నే 9,000 కోసి కట్టేసి ఉంటే, ఆ డబ్బు కోసం ఆవిడ రిటర్న్ వేసి రీఫండ్‌కు ఎదురుచూడాల్సి వచ్చేది. చెల్లింపుకు ముందు అందింది కాబట్టి కోత లేదు.

బావమరిది పాన్ ఆధార్‌తో లింక్ కాలేదు. అలాంటి పాన్ లేనట్టే లెక్క, 20 శాతం కోయాలి. అక్టోబర్ 10 లోపు లింక్ చేసుకోమని రెండుసార్లు చెప్పారు, చేసుకోలేదు. 4,800 పోయింది. ఆయన కోపం కంపెనీ మీదకే వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

మేస్త్రీకి 6,000 మాత్రమే, ఇంటెరిమ్ ఏదీ ఇవ్వలేదు. పరిమితి లోపు, కోత లేదు.

## 5. చెల్లించిన రోజు: ఒకే వోచర్‌లో మూడు లైన్లు

అక్టోబర్ 10, పేమెంట్ (F5):

- డెబిట్: డివిడెండ్ పేయబుల్, 6,00,000
- క్రెడిట్: డివిడెండ్ బ్యాంకు ఖాతా, 5,47,200
- క్రెడిట్: టీడీఎస్ పేయబుల్ (డివిడెండ్), 52,800

డెబిట్ పూర్తి మొత్తానికే రావాలి. 5,47,200కే డెబిట్ చేసి ఆపేస్తే డివిడెండ్ పేయబుల్‌లో 52,800 వేలాడుతూ ఉంటుంది. మార్చిలో ఆడిటర్ "ఈ డివిడెండ్ ఇంకా ఎవరికి ఇవ్వాలి?" అని అడిగితే జవాబు దొరకదు. షేర్‌హోల్డర్‌కు మన బాకీ పూర్తిగా తీరింది. అందులో కొంత అతని చేతికి వెళ్లింది, కొంత అతని పేరు మీద ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీగా మారింది.

టీడీఎస్‌కు విడి లెడ్జర్ పెట్టండి. కాంట్రాక్టర్ల టీడీఎస్‌తో కలిపేస్తే చలానా కట్టే రోజు ఏ సెక్షన్‌కు ఎంతో విడదీయడానికి పూట పడుతుంది. షేర్‌హోల్డర్లు ఎక్కువగా ఉంటే ఒక్కొక్కరికి ఒక వోచర్ వేయనక్కర్లేదు, పై పట్టికను వోచర్‌కు జత చేస్తే చాలు.

డబ్బు బ్యాంకు ద్వారా కాకుండా డైరెక్టర్ లోన్ ఖాతాలో సర్దుబాటు చేసినా టీడీఎస్ తప్పదు. ఏ రూపంలో చెల్లించినా అనే చట్టంలో ఉంది. పది శాతం మినహాయించి మిగతాదే సర్దుబాటు చేయాలి.

## 6. వెనక్కొచ్చిన ఆరు వేలు

అక్టోబర్ 13 సోమవారం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 6,000 జమ కనిపించింది. మేస్త్రీ పాత ఖాతా మూసేశాడు. ఇలాంటి జమను 'ఇతర ఆదాయం'లో వేసేవాళ్లను చూశాను. అది ఆదాయం కాదు, తిరిగొచ్చిన బాకీ.

అక్టోబర్ 13:

- డెబిట్: డివిడెండ్ బ్యాంకు ఖాతా, 6,000
- క్రెడిట్: డివిడెండ్ పేయబుల్, 6,000

ఇక్కడ గడియారం ప్రకటన తేదీ నుంచే నడుస్తుంది. 30 రోజుల్లో, అంటే అక్టోబర్ 22 లోపు, చెల్లించాలి. చెల్లించకుండా కూర్చుంటే ఏడాదికి 18 శాతం వడ్డీ, తెలిసీ ఊరుకున్న డైరెక్టర్లకు శిక్ష. షేర్‌హోల్డర్ దొరక్క మిగిలిపోయినదాన్ని మాత్రం ఆ తర్వాత ఏడు రోజుల్లో, అక్టోబర్ 29 లోపు, 'చెల్లించని డివిడెండ్ ఖాతా' అనే ఇంకో బ్యాంకు ఖాతాకు మార్చాలి.

మేస్త్రీకి ఫోన్ కలవలేదు. అక్టోబర్ 27న రెండు ఎంట్రీలు పడ్డాయి.

బ్యాంకుల మధ్య:

- డెబిట్: చెల్లించని డివిడెండ్ బ్యాంకు ఖాతా, 6,000
- క్రెడిట్: డివిడెండ్ బ్యాంకు ఖాతా, 6,000

బాకీ పేరు మార్పు:

- డెబిట్: డివిడెండ్ పేయబుల్, 6,000
- క్రెడిట్: చెల్లించని డివిడెండ్ (అప్పు), 6,000

డిసెంబర్‌లో ఆయన కొడుకు కొత్త పాస్‌బుక్ పట్టుకుని వచ్చాడు. అప్పు డెబిట్, ఆ బ్యాంకు ఖాతా క్రెడిట్. రాకపోయి ఉంటే ఏడేళ్ల తర్వాత ఆ సొమ్ము ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి పోయేది.

## 7. పన్ను కట్టడం

అక్టోబర్ 10న కోశాం కాబట్టి నవంబర్ 7 లోపు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో చలానా కట్టాలి. డివిడెండ్ బ్యాంకు ఖాతాలో ఇప్పుడు సరిగ్గా 52,800 ఉండాలి. ఒక్క రూపాయి తేడా ఉన్నా కట్టే ముందు వెతకండి. బ్యాంకు చార్జీలు ఆ ఖాతా నుంచి కోసుకుపోవడం మామూలుగా దొరికే కారణం. కరెంటు ఖాతా నుంచి ఆ మేరకు వేసి సరిచేయండి.

నవంబర్ 5:

- డెబిట్: టీడీఎస్ పేయబుల్ (డివిడెండ్), 52,800
- క్రెడిట్: డివిడెండ్ బ్యాంకు ఖాతా, 52,800

రెండు లెడ్జర్లూ సున్నా అయ్యాయి.

ఒక్క రోజు ఆలస్యం ఎంత ఖరీదో చూడండి. నవంబర్ 8న కడితే వడ్డీ నెలకు 1.5 శాతం, నెలలో కొంత భాగమైనా పూర్తి నెల కిందే లెక్క. అక్టోబర్ ఒకటి, నవంబర్ ఒకటి, మొత్తం 3 శాతం. 52,800 మీద 1,584 రూపాయలు. ఆ వడ్డీ కంపెనీ జేబులోంచే పోతుంది, షేర్‌హోల్డర్ వాటాలోంచి కోయడానికి లేదు.

తర్వాత ఈ మూడూ వరసగా:

- అక్టోబర్–డిసెంబర్ త్రైమాసికం 26క్యూ రిటర్న్: 2026 జనవరి 31 లోపు
- అందులో తల్లిగారి పేరు కూడా, కోత సున్నాగా, 15హెచ్ కారణంతో
- కోత పడిన వాళ్లకు 16ఏ సర్టిఫికెట్లు: ఫిబ్రవరి 15 లోపు

కుర్రాడు అనుకున్నట్టు సెప్టెంబర్‌లో చూపి ఉంటే ఇదంతా అంతకు ముందు త్రైమాసికం రిటర్న్‌లోకి వెళ్లి, చెల్లింపు తేదీకీ కోత తేదీకీ పొంతన లేకుండా పోయేది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత చెల్లించే డివిడెండ్‌కు పైన ఉన్న సెక్షన్, ఫారం నంబర్లు దించకండి, కొత్తవి చూసుకోండి. ఎంట్రీల వరస మాత్రం ఇదే.

## 8. ఇప్పటికే తప్పు పడిపోయి ఉంటే

ప్రకటన రోజే టీడీఎస్ రాశారా? వోచర్ డిలీట్ చేయకండి. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎడిట్ లాగ్‌లో పడాల్సిందే, తుడిచిన వోచర్‌కు ఆడిటర్ వివరణ అడుగుతాడు. తప్పు తెలిసిన రోజు తేదీతో జర్నల్ వేయండి. పలాసలో అక్టోబర్ 7న ఇలా వేశారు: టీడీఎస్ పేయబుల్ డెబిట్ 60,000, డివిడెండ్ పేయబుల్ క్రెడిట్ 60,000. నెరేషన్‌లో "చెల్లింపుకు ముందు పొరపాటున రాసిన టీడీఎస్ రద్దు" అని రాశారు. డివిడెండ్ పేయబుల్ మళ్లీ 6,00,000కు వచ్చింది.

డివిడెండ్‌ను ఖర్చులో వేశారా? సంవత్సరం మూయకముందైతే సర్‌ప్లస్ డెబిట్, ఆ ఖర్చు లెడ్జర్ క్రెడిట్. అడ్వాన్స్ ట్యాక్స్ లెక్క ఆ తగ్గిన లాభం మీద చేసి ఉంటే అదీ మళ్లీ చేయాలి.

కంపెనీయే డివిడెండ్ పంపిణీ పన్ను కట్టాలని పాత ఫార్మాట్ వాడారా? ఆ పన్ను 2020 ఏప్రిల్ 1 తర్వాతి డివిడెండ్లకు లేదు. ఆ లైన్ తీసేయండి.

తక్కువ కోశారా? బావమరిదికి 10 శాతమే కోసి ఉంటే తేడా 2,400 కంపెనీయే ముందు కట్టి, ఆయన దగ్గర రాబట్టుకోవాల్సిన బాకీగా రాసుకోవాలి. కోయాల్సిన తేదీ నుంచి కోసిన తేదీ వరకు నెలకు 1 శాతం వడ్డీ అదనం.

## 9. తీసుకునే వైపు పుస్తకంలో

షేర్‌హోల్డర్ ఇంకో కంపెనీ అయితే వాళ్ల దగ్గరా రెండు తేదీలే. లక్ష రూపాయల డివిడెండ్ అనుకోండి. ప్రకటన రోజు డివిడెండ్ రిసీవబుల్ డెబిట్ 1,00,000, డివిడెండ్ ఆదాయం క్రెడిట్ 1,00,000. డబ్బు వచ్చిన రోజు బ్యాంకు డెబిట్ 90,000, టీడీఎస్ రిసీవబుల్ డెబిట్ 10,000, డివిడెండ్ రిసీవబుల్ క్రెడిట్ 1,00,000.

పుస్తకాలు రాయని వ్యక్తులు కూడా రిటర్న్‌లో చేతికి వచ్చింది కాదు, కోతకు ముందు మొత్తమే చూపాలి. పలాస ఎండీ గారు తన రిటర్న్‌లో 2,70,000 రాయమన్నారు. ఆదాయపు పన్ను శాఖ చూపే 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో 3,00,000 కనిపిస్తుంది, పక్కనే 30,000 పన్నూ ఉంటుంది. ఆ ముప్పై వేలు క్రెడిట్ కావాలంటే మూడు లక్షలూ ఆదాయంగా ఒప్పుకోవాలని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నా డబ్బుకి నేనే ముందుగా టేక్స్ కట్టేసినట్టన్నమాట" అన్నారు. అవునన్నాను.